బారు ముందుకా... మెడ వెనక్కా?

సాయంత్రం ఆరు దాటితే గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట సందుల్లో జిమ్ములు నిండిపోతాయి. మిర్చి కొట్లలో గుమాస్తాలు, జిన్నింగ్ మిల్లుల్లో పనిచేసే కుర్రాళ్లు, ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు... అందరూ అక్కడే. చిలకలూరిపేటలోనైనా ఒంగోల్లోనైనా అదే వరస. వీపు వ్యాయామం చేసే రోజు మాత్రం ఒక మెషీను దగ్గర తప్పనిసరిగా క్యూ కనిపిస్తుంది. పైన గిలక, దాని మీదుగా ఇనుప తీగ, తీగ చివర పొడవాటి బారు, తొడల మీద నొక్కిపెట్టే దిండు. పేరు ల్యాట్ పుల్‌డౌన్. కుర్రాళ్ల భాషలో చెప్పాలంటే 'వింగ్స్ కొట్టే మెషీను'.

కాసేపు గమనిస్తే అక్కడ రెండు పద్ధతులు కనిపిస్తాయి. ఒకరు బారుని గుండె మీదకు లాగుతారు. పక్కవాడు తల వంచి అదే బారుని మెడ వెనక్కి దించుతాడు. బరువు అదే, బారు అదే, మనిషి ఎత్తూ ఇంచుమించు అంతే. మరి తేడా ఏంటీ అంటే, 'ముందుకు లాగితే వీపు మందం, వెనక్కి లాగితే వీపు వెడల్పు' అనే జవాబు వస్తుంది. ఈ మాట ఒక తరం మాస్టారు నుంచి ఇంకో తరం మాస్టారుకి అలా చేరుతూనే ఉంది. 1970ల్లో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ లాంటి వాళ్లు మెడ వెనక్కి పుల్‌అప్స్ తీసేవాళ్లు కాబట్టి దానికి కాస్త గౌరవం కూడా ఉంది. కానీ భుజం లోపల జరిగేది వేరే కథ!

తల అడ్డం వచ్చింది!

అసలీ రెండు పద్ధతులు ఎందుకు పుట్టాయో తెలిస్తే సగం అర్థమైనట్టే. తీగ పైనుంచి నిట్టనిలువుగా దిగుతుంది. బారు కూడా నిలువుగానే దిగాలి. మధ్యలో మన తల అడ్డం. బారు కిందికి రావాలంటే రెండే దారులు. నడుము పైభాగాన్ని కొద్దిగా వెనక్కి వాల్చి బారుకి ముఖం ముందు నుంచి చోటివ్వడం ఒకటి. తలను ముందుకు వంచి, చేతుల్ని వెనక్కి జరిపి, మెడ వెనక నుంచి చోటివ్వడం రెండోది.

బారు బాగా పైన ఉన్నప్పుడు రెండింటికీ పెద్ద తేడా లేదు. రెండు చేతులూ ఆకాశంలోకి చాచి ఉంటాయి. మోచేతులు వంగి, బారు నుదుటి ఎత్తుకి వచ్చాకే దారులు చీలతాయి. అంటే గొడవంతా లాగుడులో కింది సగంలోనే!

వీపులో విసనకర్ర

ఈ మెషీను గురి పెట్టే కండరం లాటిసిమస్ డోర్సై. జిమ్ములో ల్యాట్స్ అంటారు. మనిషి వీపులో అంత విశాలమైన కండరం ఇంకోటి లేదు. వీపు కింది సగంలోని వెన్నుపూసల దగ్గర, నడుము దగ్గర, తుంటి ఎముక పై అంచున, కింది పక్కటెముకల మీద మొదలవుతుంది. అక్కణ్నుంచి విసనకర్ర మడిచినట్టు దగ్గరికొస్తూ చంక కిందుగా వెళ్లి, దండచేతి ఎముక ముందువైపున అతుక్కుంటుంది. వీపులో పుట్టి చేతికి 'ముందువైపు' అతుక్కోవడం అన్నది గుర్తుంచుకోవాల్సిన సంగతి. అందుకే అది బిగుసుకుంటే మూడు పనులు జరుగుతాయి. పైకెత్తిన చెయ్యి పక్కకి దిగుతుంది. ముందుకు చాచిన చెయ్యి వెనక్కి వస్తుంది. చెయ్యి లోపలివైపు తిరుగుతుంది.

ఇక భుజం సంగతి. తుంటి దగ్గర బంతి లోతైన గిన్నెలో కూర్చుంటుంది. భుజం దగ్గర గిన్నె చాలా తక్కువ లోతు. సాసర్లో నిమ్మకాయ పెట్టినట్టు అనుకోవచ్చు. చెయ్యి ఎటు కావాలంటే అటు తిరగడానికి ఆ ఏర్పాటు. ఆ నిమ్మకాయ జారకుండా పట్టుకునేవి చుట్టూ ఉన్న సంచీలాంటి పొర, దానిలోని స్నాయువులు, పైన కప్పిన నాలుగు చిన్న కండరాలు. ఆ నాలుగింటినీ కలిపి రొటేటర్ కఫ్ అంటారు.

ఆ గిన్నె కూడా సరిగ్గా పక్కకి చూడదు. వీపు మీద రెండు పక్కలా పలకల్లా తగిలే భుజఫలకాలు పక్కటెముకల గూడు వంపుని అనుసరించి ఉంటాయి కాబట్టి, గిన్నె సుమారు 30 డిగ్రీలు ముందుకు తిరిగి ఉంటుంది. చేతులు పక్కలకి చాచి, ఆ తర్వాత వాటిని కొద్దిగా ముందుకు తెచ్చి చూడండి. ఎక్కడ హాయిగా అనిపిస్తుందో అదే భుజం కోరుకునే దారి. బారుని గుండె మీదకు లాగినప్పుడు మోచేతులు దాదాపు ఆ దారిలోనే దిగుతాయి.

మెడ వెనక్కి లాగినప్పుడు ఆ దారి తప్పుతుంది. మోచేతులు పక్కలకి, కాస్త వెనక్కి వెళ్లాలి. దాంతోపాటు చెయ్యి బయటివైపు దాదాపు చివరంటా తిరగాలి. బంతి ముందుకు నెట్టుకొస్తుంది. సంచీ పొర ముందు భాగం, దాని కింది స్నాయువు గట్టిగా సాగుతాయి. ఇదంతా ఒట్టి చేత్తో చేస్తే ఇబ్బంది లేదు. చేతిలో బరువు ఉండగా, సాగిన పొర అలాగే ఉండగా, పది పన్నెండు సార్లు మూడు నాలుగు సెట్లు చేస్తేనే చిక్కు.

యార్డు హమాలీ భంగిమ

ఈ భంగిమ గుంటూరు జనానికి కొత్త కాదు. మిర్చి సీజన్లో యార్డుకి వెళ్తే కళ్లెదుటే కనిపిస్తుంది. 40 కిలోలు, ఆపైన తూగే టిక్కీని వీపు మీదకు ఎక్కించుకున్న హమాలీ తల ముందుకు వంచుతాడు. రెండు చేతులూ చెవుల మీదుగా వెనక్కి పోనిచ్చి టిక్కీ చెవుల్ని పట్టుకుంటాడు. మోచేతులు భుజాల ఎత్తున, చేతులు తల వెనక. మెడ వెనక్కి బారు దించిన కుర్రాడి పక్కన నిలబెడితే ఇద్దరి భుజాలూ ఒకేలా ఉంటాయి.

ఒక్క తేడా ఉంది. అది హమాలీకి మేలు చేసే తేడా. టిక్కీ బరువు వీపు మీదుగా, నడుము మీదుగా కాళ్లలోకి దిగిపోతుంది. చేతులు అది జారకుండా పట్టుకుంటాయంతే. మెషీను దగ్గర అలా కాదు. తీగ లాగే బరువంతా అరచేతి నుంచి భుజం కీలు గుండానే ఒంట్లోకి రావాలి. పగలంతా టిక్కీలు మోసి సాయంత్రం జిమ్ముకొచ్చే కుర్రాళ్లూ ఉంటారు. వాళ్లు బారుని మెడ వెనక్కి లాగడమంటే, రోజంతా సాగిన పొరనే మళ్లీ సాగదీయడం.

ఒక లెక్క వేద్దాం

కండరాల పని ఎలా మారుతుందో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ఓ కుర్రాడు 40 కిలోల దగ్గర పిన్ను పెట్టాడనుకుందాం. ఒక్క గిలక ఉన్న మెషీనైతే చేతికి 20 కిలోలు. (కొన్ని మెషీన్లలో అదనంగా కదిలే గిలక ఉంటుంది. అప్పుడు చేతికొచ్చేది సగమే. ఒక జిమ్ములో 60 లాగినవాడు ఇంకో జిమ్ములో 40కే చతికిలబడటం వెనక రహస్యం చాలాసార్లు ఇదే!)

ఇప్పుడు బారు గుండె ఎదురుగా ఉంది. అరచేయి మోచేతి కన్నా పది సెంటీమీటర్లు ముందుకు ఉందనుకుందాం. తీగ ఆ అరచేతిని పైకి లాగుతోంది. 20 కిలోలు, పది సెంటీమీటర్ల దూరంలో. మీటరు కర్ర చివర రెండు కిలోల రాయి కట్టి రెండో చివర పట్టుకుంటే మణికట్టుకి ఎంత మెలి పడుతుందో, దండచేతికి అంత మెలి. అది చేతిని బయటివైపు తిప్పాలని చూస్తుంది. దాన్ని ఆపాలంటే చేతిని లోపలికి తిప్పే కండరాలు బిగుసుకోవాలి. అవి ఏవి? ల్యాట్స్, దాని పక్కనే ఉండే టెరిస్ మేజర్, ఛాతీ కండరం పెక్టొరాలిస్ మేజర్. మూడూ పెద్ద కండరాలే, మూడూ చేతిని కిందికి లాగే పని కూడా చేయగలిగినవే. అంటే ఒకే దెబ్బకి రెండు పనులు.

బారు మెడ వెనక్కి వెళ్లగానే అరచేయి మోచేతికి వెనక పడుతుంది. అదే 20 కిలోలు, అదే పది సెంటీమీటర్లు. కానీ మెలి తిరగబడింది! ఈసారి తీగ చేతిని లోపలివైపు తిప్పాలని చూస్తుంది. దాన్ని ఆపాల్సింది చేతిని బయటికి తిప్పే కండరాలు. అవేమో భుజం వెనక ఉండే డెల్టాయిడ్ భాగం, రొటేటర్ కఫ్‌లోని రెండు చిన్న కండరాలు. అవి అప్పటికే పూర్తిగా ముడుచుకుని ఉన్నాయి. బాగా ముడుచుకున్న కండరానికి బలం తక్కువ. ఛాతీ కండరం పక్కకి తప్పుకుంటుంది. పెద్దన్నలు చేయాల్సిన పని చిన్న తమ్ముళ్ల మీద పడ్డట్టన్నమాట.

తీగలు తగిలించి చూస్తే...

ఇది కాగితం మీద లెక్క మాత్రమే కాదు. బ్రెజిల్ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, వ్యాయామం అలవాటున్న 24 మంది మగవాళ్లకి కండరాల విద్యుత్ చురుకుదనాన్ని కొలిచే ఎలక్ట్రోడ్లు అంటించి ఈ పద్ధతుల్ని పోల్చారు. ఒక్కసారి మాత్రమే లాగగలిగే గరిష్ఠ బరువులో 80 శాతం పెట్టి, ఒక్కో పద్ధతిలో అయిదేసి సార్లు లాగించారు. ఛాతీ కండరం ముందుకు లాగినప్పుడు ఎక్కువ చురుగ్గా ఉంది. భుజం వెనక డెల్టాయిడ్, చేతి బైసెప్స్ మాత్రం మెడ వెనక్కి లాగినప్పుడు ఎక్కువ పనిచేశాయి. మరి అసలు హీరో ల్యాట్స్? ఏ పద్ధతిలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు!

2002లో అమెరికాలో జరిగిన ఇంకో అధ్యయనంలో మాత్రం బారుని వెడల్పుగా పట్టుకుని ముందుకు లాగినప్పుడే ల్యాట్స్ ఎక్కువ చురుగ్గా కనిపించాయి. రెండు ఫలితాలూ కలవలేదు. కానీ మెడ వెనక్కి లాగితే ల్యాట్స్‌కి అదనపు లాభం ఉందని మాత్రం రెండూ చెప్పలేదు. 'వెనక్కి లాగితే వెడల్పు' అన్న పాతమాటకి ఇక్కడ ఆధారం దొరకదు. నిజం చెప్పాలంటే వీపు వెడల్పుకీ మందానికీ వేర్వేరు ల్యాట్స్ లేవు కదా!

అలాగని ఈ కొలతల్నే పట్టుకుని ఊగిపోవడమూ సరికాదు. ఎలక్ట్రోడ్ చెప్పేది ఆ క్షణంలో కండరం ఎంత చురుగ్గా ఉందన్నదే. ఆరు నెలల తర్వాత కండ ఎంత పెరుగుతుందన్నది దానికి తెలియదు.

మరి దెబ్బ తగులుతుందా?

మెడ వెనక్కి లాగిన ప్రతివాడి భుజమూ పాడైపోతుందని ఎవరూ నిరూపించలేదు. ఏళ్ల తరబడి అలాగే లాగుతూ హాయిగా ఉన్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అయితే 2013లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం బరువులెత్తే అలవాటున్నవాళ్ల భుజాల్ని పరీక్షించింది. చేతిని పక్కకెత్తి వెనక్కి తిప్పే భంగిమలో వ్యాయామాలు చేసేవాళ్లలో భుజం ముందువైపు వదులైన లక్షణాలకీ, ఆ వ్యాయామాలకీ సంబంధం కనిపించింది. చేతిని బయటికి తిప్పే చిన్న కండరాలకి విడిగా వ్యాయామం ఇచ్చేవాళ్లలో ఆ లక్షణాలు తక్కువ. సంబంధం ఉందంటే అదే కారణమని కాదు. కానీ లాభం కనిపించని చోట ఈపాటి అనుమానం చాలదా, అన్నది ఆలోచించాల్సిందే.

ఎవరి భుజం ఎంతవరకు తట్టుకుంటుందన్నది వాళ్ల పై వీపు మీద కూడా ఆధారపడుతుంది. చెయ్యి పూర్తిగా పైకి వెళ్లాలంటే వీపు పైభాగం నిటారవ్వాలి, భుజఫలకం పక్కటెముకల మీద తిరిగి కొద్దిగా వెనక్కి వాలాలి. పొద్దున్నుంచి గల్లాపెట్టె ముందు కూర్చుని చిట్టాలు రాసేవాళ్లకి, కంప్యూటర్ ముందు వంగి కూర్చునేవాళ్లకి, కాయ కోతల్లో నడుం వంచి పనిచేసేవాళ్లకి ఆ వీపు పైభాగం గుండ్రంగా బిగుసుకుపోతుంది. అలాంటివాళ్ల చేతులు వెనక్కి వెళ్లవు. బారుకి దారివ్వడానికి మెడను ముందుకు వంచేస్తారు. వంచిన మెడ మీదకి బారు దిగడం, ఒక్కోసారి వెన్నుపూసకి తగలడం... చూసేవాళ్లకే గుండె ఝల్లుమంటుంది.

దీనికి ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. గోడకి వీపు ఆనించి నిలబడండి. మడమలు గోడకి జానెడు దూరంలో పెట్టండి. తల, వీపు, నడుము గోడకి ఆనాలి. మోచేతుల్ని భుజాల ఎత్తుకి తెచ్చి, తొంభై డిగ్రీలు వంచి, అరచేతుల వెనకభాగాన్ని గోడకి తాకించండి. నడుము గోడ నుంచి లేవకుండా, నొప్పి లేకుండా తాకిందా... మీ భుజానికి ఆ భంగిమ అందుబాటులో ఉంది. తాకకపోతే, ఒట్టి చేతులకే రాని భంగిమలోకి 40 కిలోల తీగ మిమ్మల్ని బలవంతంగా నెట్టబోతోందని అర్థం.

'మరి వెయిట్‌లిఫ్టర్లు తల వెనకవైపుకే ఎత్తుతారు కదా?' అని అడిగేవాళ్లుంటారు. ఈ ప్రాంతం వాళ్లకి ఆ ప్రశ్న అడిగే హక్కుంది మరి! ఇప్పటి బాపట్ల జిల్లా స్టువర్టుపురం కుర్రాడు రాగాల వెంకట్ రాహుల్ 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచాడు. స్నాచ్‌లో 151 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 187, మొత్తం 338 కిలోలు. స్నాచ్‌లో బారు తల మీద, చెవుల వరసకి కాస్త వెనగ్గా నిలుస్తుంది. కానీ అక్కడ మోచేతులు నిటారుగా బిగుసుకుని ఉంటాయి. బరువు కింది ఎముకల వరస మీద స్తంభంలా నిలబడుతుంది. మోచెయ్యి వంచి బారుని మెడ వెనక్కి గుంజడం అందులో లేదు. పైగా ఆ భంగిమ కోసం వాళ్లు చిన్నప్పటి నుంచే ఏళ్ల తరబడి భుజాల్ని సిద్ధం చేసుకుంటారు.

గుండె మీదకు ఎలా?

ముందుకు లాగడంలోనూ తప్పులు లేకపోలేదు. ముందు సీటు ఎత్తు సరిచేసుకుని, దిండు తొడల మీద బిగుతుగా ఆనేలా చూసుకోవాలి. లేదంటే బరువు మనిషినే పైకి లేపేస్తుంది. బారుని భుజాల వెడల్పుకి ఒకటిన్నర రెట్ల దూరంలో పట్టుకుంటే చాలు. బారు చివరలు పట్టుకుంటేనే వింగ్స్ వస్తాయన్నది కూడా పాతమాటే. 2014లో నార్వే పరిశోధకులు 15 మంది మీద ఇరుకు, మధ్యస్థం, వెడల్పు పట్టుల్ని పోలిస్తే ల్యాట్స్ పనిలో పెద్ద తేడా కనిపించలేదు. బాగా వెడల్పుగా పడితే లాగే దూరం మాత్రం తగ్గిపోతుంది.

నడుము దగ్గర నుంచి కొద్దిగా, పది ఇరవై డిగ్రీలు వెనక్కి వాలాలి. ఛాతీ పైకెత్తాలి. మోచేతులు వంచక ముందే భుజాల్ని చెవుల నుంచి దూరంగా కిందికి దించాలి. ఈ ఒక్క అంగుళం కదలికని మర్చిపోతే పని మొత్తం చేతుల మీద పడుతుంది. ఆ తర్వాత మోచేతుల్ని ప్యాంటు వెనక జేబుల వైపు లాగుతున్నట్టు ఊహించుకోవాలి. బారు కాలర్ ఎముకల దగ్గరికో, ఛాతీ పైభాగానికో రాగానే ఆపాలి. పైకి వదిలేటప్పుడు రెండు మూడు సెకన్లు తీసుకోవాలి. బరువు ధన్‌మని పడితే వదిలేసినట్టే లెక్క.

బరువు ఎక్కువైందని చెప్పే గుర్తు బారు చివరి రెండంగుళాల్లో దొరుకుతుంది. బారు గడ్డం దగ్గర ఆగిపోతుంది. దాన్ని ఇంకా దించాలనే పంతంతో మోచేతులు వెనక్కి లేస్తాయి, భుజాలు ముందుకు ముడుచుకుంటాయి. బంతి మళ్లీ గిన్నె ముందు అంచుకే నెట్టుకొస్తుంది. అంటే గుండె మీదకు లాగుతూ కూడా మెడ వెనక్కి లాగిన నష్టాన్నే తెచ్చుకున్నట్టు! ఇంకొందరు బావిలో చేదని తోడినట్టు ఒళ్లంతా వెనక్కి ఊపి లాగుతారు. అప్పుడు బరువు లాగేది నడుము. రెండు సందర్భాల్లోనూ పిన్నుని ఒకటి రెండు ప్లేట్లు పైకి జరపడమే మందు.

మెడ వెనక్కి లాగితే భుజం వెనకభాగానికి పని దొరుకుతుందన్న మాట నిజమేనని పైన చూశాం కదా. ఆ లాభం కావాలంటే దానికి వేరే దారి ఉంది. కేబుల్‌ని ముఖం ఎత్తున పెట్టి, తాడు తగిలించి, తక్కువ బరువుతో ముఖం వైపు లాగే ఫేస్‌పుల్. అక్కడ కూడా భుజం వెనక డెల్టాయిడ్, ఆ చిన్న కండరాలే పనిచేస్తాయి. నొప్పి అనిపిస్తే అక్కడే ఆగిపోవచ్చు, తల మీద బారు వేలాడదు.

గోడ పరీక్షలో పాసై, పాత అలవాటు మానలేనివాళ్లు మామూలుగా లాగే బరువులో సగం పెట్టుకుని, బారుని చెవుల ఎత్తున ఆపేస్తే సరి. మెడని తాకించాల్సిన పనిలేదు. భుజం ముందువైపు సూదిలా పొడిచినా, రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకుంటే నొప్పి లేపినా, వేళ్లలో తిమ్మిరి వచ్చినా మాత్రం మెషీను వదిలి ఎముకల డాక్టరుకి చూపించుకోవాలి.